సింకుకు అయస్కాంతం పెట్టి చూస్తే

శానిటరీ షాపులో స్టీలు సింకు బేరమాడుతుంటే దుకాణదారు చేసే పని ఒకటుంది. కౌంటరు సొరుగులోంచి చిన్న అయస్కాంతం తీసి సింకు అడుగున ఆనిస్తాడు. అది అంటుకోకుండా జారిపోతుంది. "చూశారా సార్, అంటుకోవట్లేదు. ఒరిజినల్ 304" అంటాడు. కొనేవాళ్ల నమ్మకమూ అదే. అంటుకుంటే నాసిరకం, అంటుకోకపోతే మంచి స్టీలు. ఈ నమ్మకంలో నిజం కొంతే ఉంది. మిగిలిన భాగం రెండు రకాలుగా నష్టం చేస్తుంది. 304 ధర ఇచ్చి 202 సింకు మోసుకురావడం ఒకటి. అసలైన 304 సింకునే మూలల్లో అయస్కాంతం పట్టిందని అనుమానించి వదిలేయడం రెండోది.

అయస్కాంతం ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో తెలియాలంటే ముందు రెండు సంగతుల్ని విడదీసి చూడాలి. స్టీలుకు తుప్పు పట్టకపోవడం వేరు, అయస్కాంతం అంటుకోకపోవడం వేరు. రెండింటికీ కారణాలు వేరు.

తుప్పు సంగతి క్రోమియం చూసుకుంటుంది. ఇనుములో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటే దాన్ని స్టెయిన్‌లెస్ స్టీలు అంటారు. ఆ క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి స్టీలు పైన కంటికి కనిపించని పొర కడుతుంది. దాని మందం కొన్ని నానోమీటర్లు మాత్రమే. గీత పడి పొర చెదిరినా, అక్కడ గాలి తగిలితే చాలు, మళ్లీ దానంతట అదే కట్టుకుంటుంది. గిన్నెలు ఏళ్ల తరబడి రుద్దినా సింకు మెరుస్తూ ఉండడానికి కారణం ఇదే. అయస్కాంతానికి ఈ పొరతో పనిలేదు. అది స్పందించేది లోపల ఇనుము పరమాణువులు ఏ తీరులో పేర్చుకున్నాయన్న దానికి.

ఆ పేర్పులో మనకు కావలసినవి రెండు. ఒక ఘనాన్ని ఊహించుకోండి. ఎనిమిది మూలల్లో ఎనిమిది పరమాణువులు, సరిగ్గా నడిమధ్య ఒకటి ఉంటే అది ఫెర్రైటు. మామూలు ఇనుము గది వేడిమిలో ఇలాగే ఉంటుంది. ఈ పేర్పులో పక్కపక్క పరమాణువుల అయస్కాంత దిశలన్నీ ఒకవైపుకు తిరుగుతాయి, అందుకే అయస్కాంతం గట్టిగా పట్టుకుంటుంది. అదే ఘనంలో మధ్య పరమాణువు లేకుండా, ఆరు ముఖాల మధ్యలో ఒక్కొక్కటి ఉంటే అది ఆస్టెనైటు. స్టెయిన్‌లెస్ స్టీలులో ఈ పేర్పు ఉన్నచోట ఆ దిశలు గది వేడిమిలో ఒక్కటి కావు. అయస్కాంతం జారిపోతుంది.

శుద్ధమైన ఇనుము కూడా ఆస్టెనైటుగా మారుతుంది, కానీ 912 డిగ్రీల సెల్సియస్ దాటాక. చల్లారితే మళ్లీ ఫెర్రైటే. ఎర్రగా కాలినప్పటి పేర్పును చల్లారాక కూడా నిలిపి ఉంచాలంటే లోపల మరో లోహం ఉండాలి. నికెల్ చేసే పని అదే. నికెల్‌కు స్వయంగా అయస్కాంత గుణం ఉంది. అయినా తగినంత కలిపితే స్టీలుకు ఆ గుణం లేకుండా చేస్తుంది. 1912లో జర్మనీలోని క్రుప్ కంపెనీ క్రోమియం, నికెల్ రెండూ కలిపిన స్టీలుకు పేటెంటు తీసుకుంది. నేటి 304 ఆ సంతతిదే. ఇందులో క్రోమియం దాదాపు 18 శాతం, నికెల్ కనీసం 8 శాతం ఉంటాయి. గిన్నెల అడుగున కనిపించే 18/8 అన్న అంకెలకు అర్థం ఇదే.

నికెల్ ఖరీదైన లోహం. మన దేశం దాన్ని ఎక్కువగా దిగుమతి చేసుకుంటుంది. అయితే ఆస్టెనైటును నిలబెట్టగలిగేది నికెల్ ఒక్కటే కాదు. మాంగనీసు, నత్రజని, కొంతవరకు రాగి కూడా ఆ పని చేస్తాయి. మాంగనీసు మన దగ్గర దొరుకుతుంది. విజయనగరం జిల్లాలో గరివిడి, చీపురుపల్లి చుట్టుపక్కల దాని గనులు ఉన్నాయి. నికెల్ తగ్గించి మాంగనీసు పెంచి చేసిన స్టీళ్లనే 200 శ్రేణి అంటారు. వీటిలో 202 రకంలో నికెల్ 4 నుంచి 6 శాతం, మాంగనీసు 7.5 నుంచి 10 శాతం ఉంటాయి. మన బజారులో జె4 అనే పేరుతో నడిచే రకంలో నికెల్ ఒక శాతం చుట్టుపక్కలే ఉంటుంది. గిన్నెలకు, డబ్బాలకు ఇవి విరివిగా వాడతారు. అందులో తప్పేమీ లేదు. తప్పు వాటిని 304 అని అమ్మడంలో ఉంది.

మోసానికి దారి ఇక్కడే. 304 ఆస్టెనైటు, 202 కూడా ఆస్టెనైటే. రెండింటి మీదా అయస్కాంతం ఒకేలా జారిపోతుంది. దుకాణదారు చూపించిన పరీక్ష వల్ల తేలింది ఒక్కటే, ఆ సింకు 430 రకం కాదని. 430లో క్రోమియం 16 నుంచి 18 శాతం ఉంటుంది, నికెల్ దాదాపు ఉండదు. అందుకే అది పూర్తిగా ఫెర్రైటు, ఎక్కడ పెట్టినా అయస్కాంతం టక్కున పట్టుకుంటుంది. ఇండక్షన్ పొయ్యి మీద వాడే స్టీలు గిన్నెల అడుగున కావాలని అతికించేది ఇలాంటి స్టీలునే. అక్కడ అంటుకోవడమే గుణం. సింకు దగ్గరకు వచ్చేసరికి 430ని నేను తీసుకోను. ఉప్పునీటికి అది 304 కన్నా త్వరగా లొంగుతుంది, లోతైన తొట్టిగా సాగదీయడానికీ అంత వీలు కాదు. అంతవరకు అయస్కాంతం పనికొచ్చే పరికరమే.

304 సింకు మూలల్లో అయస్కాంతం ఎందుకు పడుతుందన్నది ఇక చూడాలి. ఈ విషయం తెలిస్తే షాపులో చాలా అయోమయం తగ్గుతుంది.

304లో ఉన్న నికెల్ ఆస్టెనైటును నిలబెట్టడానికి సరిపోతుంది, కానీ బొటాబొటిగా. రేకు చదునుగా ఉన్నంతసేపు ఆ పేర్పు కదలదు. దాన్ని వేడి చేయకుండా బలంగా వంచినా, సాగదీసినా, కొంత భాగం కుదుపుకు లోనై మరో పేర్పులోకి జారిపోతుంది. దాన్ని మార్టెన్‌సైటు అంటారు. ఇది ఫెర్రైటుకు దగ్గరి చుట్టం, అయస్కాంతానికి అంటుకుంటుంది. స్టీలులో కలిసిన లోహాల పాళ్లు మాత్రం ఏమీ మారవు. మూలలో ఉన్నది, మధ్యలో ఉన్నది ఒకే 304.

ప్రెస్ చేసిన సింకును ఎలా చేస్తారో తలచుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. చదును రేకును అచ్చు మీద బిగించి, పైనుంచి పెద్ద ప్రెస్‌తో నొక్కి ఎనిమిది, తొమ్మిది అంగుళాల లోతు తొట్టిగా లాగుతారు. అడుగు మధ్యభాగం పెద్దగా సాగదు. గోడలు కొంత సాగుతాయి. నాలుగు మూలల్లో రేకు అన్నిటికంటే ఎక్కువ ఒత్తిడికి లోనవుతుంది. మార్టెన్‌సైటు కూడా అక్కడే ఎక్కువగా పుడుతుంది. రేకును వంచి, వెల్డింగ్ చేసి తయారు చేసే హ్యాండ్‌మేడ్ సింకులో ఇది వేరుగా ఉంటుంది. అడుగూ గోడలూ చదునుగానే ఉంటాయి కాబట్టి అక్కడ ఏమీ పట్టదు. వంపు గీత వెంట, వెల్డింగ్ అతుకు వెంట మాత్రం అయస్కాంతం కొంచెం లాగుతుంది. అతుకు దగ్గర స్టీలు కరిగి గడ్డకట్టేటప్పుడు కొద్ది శాతం ఫెర్రైటు మిగలడమే దానికి కారణం. ఆ కొద్దిపాటి ఫెర్రైటు వల్ల గడ్డకట్టేటప్పుడు అతుకు పగలదు కూడా. దాన్ని లోపంగా చూడకూడదు.

ఇప్పుడు షాపులో మూడు సింకులు పక్కపక్కన ఉన్నాయనుకుందాం. మూడూ ప్రెస్ చేసినవే, మూడింటి మీదా ఒకే మెరుపు. ఫ్రిజ్ తలుపు మీద బొమ్మ అంటించే అయస్కాంతం బలహీనం, అది ఇక్కడ చాలదు. నియోడిమియం అయస్కాంతం చిన్నది తీసుకుని దారానికి కట్టి వేలాడదీయండి. చేత్తో ఆనిస్తే తెలియని సన్నని లాగుడు కూడా దారం వంగడంలో కనిపిస్తుంది.

మొదటి సింకు అడుగుకు దగ్గరగా తెస్తే దారం కదల్లేదు. గోడ దగ్గర కాస్త వంగింది. మూల దగ్గర అయస్కాంతం వెళ్లి అతుక్కుంది, వేలితో తోస్తే ఊడివచ్చింది. రెండో సింకుకు అడుగు, గోడ, మూల ఎక్కడా దారం వంగలేదు. మూడో సింకుకు అడుగు మధ్యలోనే టక్కున అతుక్కుంది. మూడోది 430, సందేహం లేదు. మిగిలిన రెండింట్లో ఏది మంచిదని అడిగితే అందరి చెయ్యీ రెండో దాని మీదకే పోతుంది. కానీ మొదటి దాని తీరు అచ్చంగా ప్రెస్ చేసిన 304 తీరు. రెండోది మాంగనీసు, రాగి దండిగా ఉన్న జె4 కావచ్చు. ఆ కలయికలో ఆస్టెనైటు ఎంత సాగదీసినా అంతగా చెదరదు. రెండోది 316 కూడా కావచ్చు, నికెల్ 10 శాతానికి పైగా ఉంటుంది కాబట్టి అదీ స్థిరంగా ఉంటుంది. లేదా ప్రెస్ చేశాక 1050 డిగ్రీల ప్రాంతంలో కాల్చి చల్లార్చిన 304 కావచ్చు. అలా కాలిస్తే మార్టెన్‌సైటు మళ్లీ ఆస్టెనైటుగా మారిపోతుంది. మొదటిది తప్పకుండా 304 అని కూడా చెప్పలేం. 200 శ్రేణిలోనే 201 లాంటి రకాలు సాగదీస్తే మూలల్లో బాగానే అంటుకుంటాయి. మొదటి రెండు సింకుల మధ్య అయస్కాంతం తీర్పు చెప్పలేదు.

తీర్పు చెప్పగలిగేవి వేరే ఉన్నాయి. స్టీలు బజారులో, పాత సామాను కొనే పెద్ద దుకాణాల్లో చిన్న సీసాలో ఒక పరీక్ష ద్రావణం వాడతారు. శుభ్రం చేసిన స్టీలు మీద ఒక చుక్క వేసి, 9 వోల్టుల బ్యాటరీ ఒక కొసను స్టీలుకు, రెండో కొసను చుక్కకు కొన్ని సెకన్లు తాకిస్తారు. కరెంటు వల్ల స్టీలులోని లోహం కొద్దిగా చుక్కలోకి దిగుతుంది. సాధారణంగా దొరికే ద్రావణంతో 200 శ్రేణి అయితే చుక్క ఎరుపుకు తిరుగుతుంది, 304 అయితే ఎరుపు రాదు. కంపెనీని బట్టి రంగులు మారతాయి కాబట్టి ముందుగా 304 అని ఖాయంగా తెలిసిన ముక్క మీద ఒకసారి వేసి చూడడం మంచిది. చుక్క వేసిన చోట మరక మిగులుతుంది. అందుకని తొట్టి లోపల వద్దు. సింకు అంచు కింది వైపు గాని, వేస్ట్ కప్లింగ్ బిగించే రంధ్రం అంచున గాని వేయమనండి. బిగించాక ఆ చోటు కనిపించదు. నలుపు, బంగారు రంగు పూత ఉన్న సింకులకు కూడా పూత లేని స్టీలు దొరికేది అలాంటి చోట్లే. పూత మీద వేసిన చుక్క ఏమీ చెప్పదు.

ఇంతకన్నా ఖచ్చితమైనది ఎక్స్ కిరణాల గన్. పెద్ద స్క్రాప్ వ్యాపారుల దగ్గర, స్టీలు పరీక్షించే ల్యాబుల్లో ఉంటుంది. స్టీలు మీద ఆనించి ట్రిగ్గర్ నొక్కితే క్రోమియం, నికెల్, మాంగనీసు, మాలిబ్డినం శాతాలు తెర మీద పడతాయి. నికెల్ 8 చుట్టుపక్కల, మాంగనీసు 2 లోపు ఉంటే అది 304. నికెల్ 1, మాంగనీసు 9 అని వస్తే స్టిక్కరు మీద ఏం రాసినా అది 304 కాదు. ఒక్క సింకు కోసం అందరూ ఇంత దూరం వెళ్లలేరు, నిజమే. అలాంటప్పుడు బిల్లు మీద 'ఎస్‌ఎస్ 304' అని గ్రేడు రాయించుకోవాలి. స్టిక్కరు ఊడిపోతుంది, బిల్లు ఉంటుంది. నోటితో ఎంతైనా చెప్పే దుకాణదారు రాయడానికి వెనకాడితే అక్కడే సగం సమాధానం వచ్చినట్టు.

బరువు చూసి గ్రేడు తేల్చవచ్చని కొందరంటారు. బరువు వల్ల తెలిసేది మందమే. ఒక మిల్లీమీటరు మందం రేకు చదరపు మీటరుకు దాదాపు 8 కిలోలు తూగుతుంది, 304 అయినా 202 అయినా తేడా బాగా తక్కువ. మందం పెరిగితే గిన్నె పడినప్పుడు చప్పుడు తగ్గుతుంది, సొట్ట పడదు. తుప్పు విషయంలో మాత్రం మందం సాయం చేయదు. 1.2 మిల్లీమీటర్ల 202, 0.8 మిల్లీమీటర్ల 304 ఒకే ధరకు వస్తుంటే నేను రెండోదే తీసుకుంటాను.

ఈ ఎంపిక అందరికీ ఒకటే కాకపోవడానికి కారణం నీళ్లు. స్టీలు పైన క్రోమియం పొరను చిల్లు పొడిచేది క్లోరైడు, అంటే ఉప్పులో ఉండేది. నీటిలో క్లోరైడు ఉంటే అది పొరలో బలహీనంగా ఉన్న ఒక చిన్న చోటు పట్టుకుని లోపలికి తొలుస్తుంది. సూదిమొనంత గుంట, దాని చుట్టూ గోధుమరంగు మచ్చ. మిగతా సింకంతా మెరుస్తూనే ఉంటుంది. తాగునీటికి మన జాతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు క్లోరైడు 250 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీరు దొరకనప్పుడు 1000 వరకు అనుమతిస్తారు. ఇంజనీర్లు సాధారణంగా పాటించే లెక్క ప్రకారం చల్లని నీటిలో 304 దాదాపు 200 మిల్లీగ్రాముల వరకు, 316 దాదాపు 1000 వరకు నిశ్చింతగా తట్టుకుంటాయి. 316కు ఆ బలం అందులో కలిపే 2, 3 శాతం మాలిబ్డినం వల్ల వస్తుంది. చౌక 200 శ్రేణి రకాల్లో నికెల్‌తో పాటు క్రోమియం కూడా 15, 16 శాతానికి దిగుతుంది కాబట్టి అవి 304 కన్నా ముందే లొంగుతాయి.

హైదరాబాదులో కృష్ణా, గోదావరి నీళ్లు కుళాయికి వచ్చే ఇంట్లో 304 ఏళ్ల తరబడి మచ్చ లేకుండా ఉంటుంది. అక్కడ 316కు డబ్బు పెట్టడం అనవసరం. కాస్త జాగ్రత్తగా తుడుచుకునే ఇల్లయితే 202 కూడా గడిచిపోతుంది, 202 ధరకే ఇస్తే. అదే విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు సముద్రానికి దగ్గరగా, ఉప్పదనం తగిలే బోరునీళ్ల మీద నడిచే ఇల్లయితే లెక్క మారుతుంది. ఆ నీటిలో క్లోరైడు ఎంతుందో ఒకసారి పరీక్ష చేయించి, 200 లోపుంటే 304, అంతకు బాగా మించితే 316 అనుకోవచ్చు. 202, జె4లను అక్కడ అసలు లెక్కలోకి తీసుకోవద్దు.

నీటి పరీక్షలో వచ్చిన అంకె కూడా పూర్తి కథ కాదు. రాత్రి సింకులో బోర్లించి వదిలేసిన గిన్నె అంచు కింద చుక్క నీరు ఉంటుంది. అది తెల్లారేలోగా ఆరుతుంది. నీరు పోతుంది, ఉప్పు మిగులుతుంది. చుక్క పదో వంతుకు ఆరేసరికి 200 ఉన్న క్లోరైడు 2000 అవుతుంది. పైగా గిన్నె కింద గాలి ఆడదు, పొర తిరిగి కట్టుకోవడానికి ఆక్సిజన్ అందదు. అడుగున పరిచే రబ్బరు చాప కింద జరిగేదీ ఇదే. ఆవకాయ జాడీ కడిగిన ఉప్పు ఊట, బ్లీచింగ్ నీళ్లు సింకులో నిలిచినా అంతే. ఇలా చేస్తే 304కూ మచ్చలు వస్తాయి. వచ్చిన మచ్చ చూసి స్టీలు నకిలీదని తేల్చేయకూడదు.

కొత్త ఇళ్లలో మరో ముప్పు ఉంది, దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. టైల్స్ పని అయ్యాక సిమెంటు మరకలు పోవడానికి పనివాళ్లు యాసిడ్ పోసి కడుగుతారు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, దాని ఆవిరిలో క్లోరైడు ఉంటుంది. మూసిన గదిలో ఆ ఆవిరి పక్కనే బిగించిన కొత్త సింకు మీద పేరుకుంటుంది. గృహప్రవేశం నాటికి 304 సింకు మీద కూడా గోధుమరంగు చుక్కలు తేలుతాయి. యాసిడ్ పని అంతా ముగిశాకే సింకు బిగించాలి. ముందే బిగిస్తే కిటికీలు తెరిచి ఉంచి, పని కాగానే సింకును మంచి నీళ్లతో రెండు మూడుసార్లు కడిగించాలి. టాయిలెట్ క్లీనర్ల లోనూ ఎక్కువగా ఇదే ఆమ్లం ఉంటుంది. మూత సరిగ్గా పెట్టని సీసాను సింకు కింద అరలో ఉంచితే కింది వైపునుంచి తుప్పు మొదలవుతుంది.

ఇప్పటికే ఇంట్లో ఉన్న సింకు మీద మచ్చ కనిపిస్తే అది ఎక్కడిదో తెలుసుకోవడానికి తేలికైన మార్గం ఉంది. వంట సోడా నీటితో ముద్దగా కలిపి, మెత్తని గుడ్డతో రేకు మీది గీతల దిశలోనే రుద్దండి. మచ్చ పూర్తిగా పోయి, గోరుతో తడిమితే నున్నగా ఉంటే అది బయటి నుంచి వచ్చిన తుప్పు. తడిగా వదిలేసిన ఇనుప పెనం, ఇనుప పీచు రాలిన పొడి అలాంటి మచ్చ వేస్తాయి. సింకు స్టీలుకు దానితో సంబంధం లేదు, పీచు మార్చి ప్లాస్టిక్ స్క్రబ్బరు వాడితే చాలు. రుద్దాక రంగు పోయి, అదే చోట వేలికి చిన్న గుంట తగిలి, కొన్ని రోజుల్లో మళ్లీ గోధుమరంగు ఊరితే అది స్టీలునే తొలిచిన గుంట. ఆ గుంట పూడదు. కానీ రాత్రిపూట గిన్నెలు తీసేసి, సింకును ఒకసారి కడిగి గుడ్డతో పొడిగా తుడిస్తే అది లోతుకు పోవడం బాగా నెమ్మదిస్తుంది. 304 అని రాసిన బిల్లు ఉండి, ఇలాంటి గుంటలు మామూలు కుళాయి నీళ్లకే సింకంతా లేచాయంటే, కప్లింగ్ విప్పించి ఆ రంధ్రం అంచున ఒక చుక్క ద్రావణం వేయించి చూడండి. చుక్క ఎర్రబడితే ఆ బిల్లు పట్టుకుని షాపుకు వెళ్లవచ్చు.